ప్లేట్లెన్ని చెప్పాలి? కడపలో మూడు రోజుల సదస్సు లెక్క

సదస్సు పెడదామని పది మంది కూర్చుంటే మొదటి గంట హాలు అద్దె మీదే గడిచిపోతుంది. ఏ మండపం, ఎంత అడుగుతున్నాడు, ఎవరి మాటతో తగ్గిస్తాడు అన్నవే మాటలు. కోశాధికారిగా రెండు మూడు సార్లు ఈ లెక్కలు రాసినవాడిగా నాకు తెలిసింది వేరు. హాలు ఎవర్నీ ముంచదు. దాని ధర నాలుగు నెలల ముందే తెలుస్తుంది, కాగితం మీద ఉంటుంది. ముంచేది సదస్సుకి మూడు రోజుల ముందు వచ్చే ఫోను. "అన్నా, ఫైనల్‌గా ఎన్ని ప్లేట్లు చెప్తారు?" అని కేటరింగ్ ఆయన అడుగుతాడు. అప్పుడు మన నోటి నుంచి వచ్చే అంకె మీద బడ్జెట్ అంతా నిలబడి ఉంటుంది. ఆ అంకె ఎందుకంత బరువో తెలియాలంటే మొత్తం లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఒక సదస్సు అనుకుందాం. శాసనాలు, స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కడపలో మూడు రోజులు కూడుతున్నారు. తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కలమళ్ళ శాసనం ఈ జిల్లాదే, బ్రౌన్ పేరున్న గ్రంథాలయం ఊళ్ళోనే ఉంది. కాబట్టి ఎందుకు కడప అని ఎవరూ అడగరు. 200 టికెట్లు అమ్ముదామని లక్ష్యం. అందులో 70 మంది బయటూళ్ళవాళ్ళు, 90 మంది కడప, చుట్టుపక్కలవాళ్ళు, 40 మంది ఇక్కడి కాలేజీ పిల్లలు. కింద వాడిన రేట్లు లెక్క నడవడానికి నేను పెట్టుకున్నవి. మీ ఊళ్ళో మీ బేరాన్ని బట్టి అవి మారతాయి. అంకెల కంటే వాటి మధ్య సంబంధం చూడండి.

ఎవరూ రాకపోయినా అయ్యే ఖర్చు

మన వైపు పెద్ద హాలంటే కల్యాణ మండపమే. దాని రేటుని నిర్ణయించేది చదరపు అడుగులు కాదు, పంచాంగం. మంచి ముహూర్తం ఉన్న రోజున ఓనరు మన ఫోను కూడా ఎత్తడు. అదే ఆషాఢంలోనో, మూఢంలోనో, ధనుర్మాసంలోనో వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెడతాడు. ఆషాఢంలో కడప ఎండ ఇంకా పూర్తిగా తగ్గదు. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా ఉండే ధనుర్మాసం మాత్రం సదస్సులకి దేవుడిచ్చిన కాలం. పెళ్ళిళ్ళు లేవు, చలి బాగుంటుంది, వంటవాళ్ళు, షామియానావాళ్ళు, సౌండ్ వాళ్ళు అందరూ ఖాళీ. తేదీ ఖాయం చేసేముందు పెద్ద దర్గా ఉరుసు ఎప్పుడొస్తుందో కూడా చూసుకోవాలి. అది ఇస్లామీ క్యాలెండర్‌ని బట్టి ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగా వస్తుంటుంది. ఆ రోజుల్లో ఊళ్ళో లాడ్జి గది దొరకడం కష్టం.

మన సదస్సు డిసెంబరు చివర్లో. మండపం రోజుకి 30,000 అనుకుందాం. మూడు రోజులకి 90,000 అని అందరూ రాసేస్తారు. కానీ బ్యానర్లు కట్టడానికి, మైకు చూసుకోవడానికి, బయటూళ్ళవాళ్ళ సామాన్లు పెట్టడానికి ముందురోజు సాయంత్రమే తాళాలు కావాలి. ఆ పూటకి మరో 15,000. మొత్తం 1,05,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 18,900. జీఎస్టీ నమోదు లేని సంఘానికి ఆ పన్ను తిరిగి రాదు, అదీ ఖర్చే. చిన్న సంఘాల్లో చాలావాటికి నమోదు ఉండదు, సేవలకి ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే అది తప్పనిసరి. ఆపైన మీటరు ప్రకారం కరెంటు, జనరేటర్ డీజిల్, ఊడ్చి కడిగే మనుషులు. వీటికి ఒక 21,100 వేసుకుంటే హాలు పద్దు 1,45,000 దగ్గర ఆగుతుంది. అంటే "రోజుకి ముప్పై వేలు" అని కమిటీలో మనం చెప్పుకున్నది నిజానికి రోజుకి 48,000.

సౌండు, ప్రొజెక్టర్, రికార్డింగ్ కలిపి 45,000. అచ్చు, బ్యాడ్జీలు, ఫ్లెక్సీలు, ఆన్‌లైన్‌లో టికెట్ అమ్మేవాళ్ళ కమీషను, వలంటీర్ల పెట్రోలు, ఫస్ట్ ఎయిడ్ లాంటివి 34,000. వీటి మీద ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు.

వక్తల పద్దు దగ్గర ఆగాలి. పన్నెండు మంది వక్తలు, వాళ్ళలో ఎనిమిది మంది బయటివాళ్ళు. ఒక్కొక్కరికి పారితోషికం 3,000 చొప్పున 36,000. శాలువా, జ్ఞాపిక 700 చొప్పున 8,400. ఎనిమిది మందికి రానూపోనూ రైలు 24,000, స్టేషను నుంచి కార్లు 12,000. గదులు 1,800 చొప్పున మూడు రాత్రులు, 5 శాతం పన్నుతో 45,360. మొత్తం దాదాపు 1,26,000. ఇందులో పెద్ద ముక్క పారితోషికం కాదు, గది. వక్తని మూడు రోజులూ ఉంచుకోవాలని మనకి ఉంటుంది, ఆయనకీ మొహమాటం. రెండో రోజు ఉదయం మాట్లాడించి ఆ రాత్రి రైలెక్కిస్తే ఒక్క రాత్రి గదితో సరిపోతుంది, మనిషికి 3,780 మిగులుతుంది. ఎవరు ఏ పూట మాట్లాడాలన్నది నిజానికి డబ్బు నిర్ణయం. ప్రోగ్రాం కమిటీ, కోశాధికారి వేర్వేరు గదుల్లో కూర్చుంటే ఈ సంగతి ఎవరికీ కనిపించదు. రైలు టికెట్లకి ముందస్తు రిజర్వేషన్ గడువు ఇప్పుడు 60 రోజులే, ఇదివరకు 120 ఉండేది. కాబట్టి అరవయ్యో రోజుకి వక్తల పేర్లు, పూటలు ఖాయమై ఉండాలి. లేకపోతే రైలు పద్దు కాస్తా కారు పద్దు అవుతుంది.

ఇంతవరకూ కూడితే 3,50,000. చాలా బడ్జెట్లలో స్థిర ఖర్చు ఇక్కడితో ఆగిపోతుంది. ఆగకూడదు. టికెట్ కొనకుండా తినేవాళ్ళు ఉన్నారు కదా. పన్నెండు మంది వక్తలు, పాతిక మంది వలంటీర్లు, సౌండ్ కుర్రాళ్ళు, ఫోటోగ్రాఫర్, డ్రైవర్లు ఒక ఎనిమిది మంది. మొత్తం 45. మూడు రోజుల తిండికి మనిషికి దాదాపు 1,200 అవుతుంది, ఆ లెక్క కిందికి వస్తే కనిపిస్తుంది. అంటే ఇది 54,000. టికెట్లు ఒక్కటి అమ్ముడుపోకపోయినా వీళ్ళు తింటారు. అసలు స్థిర ఖర్చు 4,04,000.

మనిషి వస్తే అయ్యే ఖర్చు

ఇది దాదాపు అంతా భోజనమే. మన వైపు రెండు పద్ధతులున్నాయి. ఒకటి ప్లేటు రేటు. కేటరింగ్ ఆయనే సరుకులు, గ్యాసు, మనుషులు, గిన్నెలు అన్నీ చూసుకుంటాడు, మనం ప్లేట్ల లెక్కన డబ్బిస్తాం. రెండోది వంట మాస్టర్‌ని కూలికి మాట్లాడుకుని, ఆయన రాసిచ్చిన సామాన్ల లిస్టు ప్రకారం మనమే సరుకులు తెచ్చివ్వడం. రెండోది చవక అంటారు, కాగితం మీద నిజమే. కానీ మూడు రోజులు పొద్దునా సాయంత్రం మార్కెట్టుకి తిరిగే మనిషి, స్టోరు గదికి తాళం వేసి కూర్చునే మనిషి కావాలి. ఆ లిస్టులో నూనె డబ్బాలు ఎప్పుడూ ఒకట్రెండు ఎక్కువే ఉంటాయి, అవి ఎటు పోతాయో అడిగితే మనస్తాపం. రెండు వందల మంది సదస్సుకి నేను ప్లేటు రేటుకే ఓటేస్తాను.

టిఫిను 80, మధ్యాహ్న భోజనం 180, రాత్రి 120, రెండు పూటల టీ, చిరుతిండి కలిపి 40 అనుకుందాం. మూడు టిఫిన్లు, మూడు భోజనాలు, రెండు రాత్రి భోజనాలు, మూడు రోజుల టీ అన్నీ తింటే 1,140. బయటి కేటరింగ్‌కి 5 శాతం జీఎస్టీ కలిపితే 1,197. సంచీ, పెన్ను, పుస్తకం, నీళ్ళ క్యాను వాటా ఇంకో 103. మనిషికి 1,300.

అందరికీ ఒకే టికెట్ పెడితే ఏమవుతుంది? 200 మందికి 2,60,000, స్థిర ఖర్చు 4,04,000, కలిపి 6,64,000. అనుకోని ఖర్చులకి పదో వంతు, 66,000. మొత్తం 7,30,000. చందాలు, ప్రాయోజకుల నుంచి 3,00,000 వస్తుందనుకున్నా మిగిలిన 4,30,000 టికెట్ల నుంచే రావాలి. అంటే సగటున 2,150. జాగ్రత్త, ఇది సగటు. నలభై మంది పిల్లలకి వెయ్యికే ఇద్దామని ఎవరో ఒకరు అంటారు, అందరూ చప్పట్లు కొడతారు. అప్పుడు మిగతా 160 మంది దాదాపు 2,440 కట్టాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పిల్లవాడి ఖర్చు 1,300, వాడిచ్చేది 1,000. ఎంత ఎక్కువ మంది పిల్లలొస్తే మనకి అంత నష్టం. జనం నిండుగా వచ్చి సంఘం అప్పులో పడటం ఇలాగే జరుగుతుంది. హాలు నిండింది కదా, డబ్బెటు పోయింది అని తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

దీనికి మందు రేటు పెంచడం కాదు. ఊళ్ళోవాళ్ళు ఇంటి దగ్గర ఉగ్గాని తిని వస్తారు, రాత్రి ఇంటికే పోతారు. వాళ్ళ టికెట్‌లో టిఫిను, రాత్రి భోజనం ఎందుకు? ఆ రెండూ తీసేస్తే మూడు భోజనాలు, టీలు, పన్నుతో 693, సంచీతో కలిపి దాదాపు 800. బయటివాళ్ళ ఖర్చు 1,300 అలాగే ఉంటుంది. ఇప్పుడు లెక్క చూడండి. 70 మందికి 91,000, మిగతా 130 మందికి 1,04,000, కలిపి 1,95,000. ఒక్క దెబ్బకి 65,000 తగ్గింది, ఎవరి కడుపూ మాడలేదు. స్థిర ఖర్చుతో కలిపి 5,99,000, అనుకోని ఖర్చులకి 60,000, మొత్తం 6,59,000. చందాలు పోను 3,59,000.

దీని మీద టికెట్లు ఇలా పెట్టొచ్చు. బయటివాళ్ళకి 2,300, ఊళ్ళోవాళ్ళకి 1,750, పిల్లలకి 1,000. రాబడి 1,61,000, 1,57,500, 40,000, మొత్తం 3,58,500. ఐదు వందలు తక్కువ, అది ఎవరో ఒకరు టీ తాగకుండా సర్దుతారు. ముఖ్యమైంది ఏంటంటే, ఇప్పుడు ప్రతి టికెట్ మీదా కొంత మిగులు ఉంది. బయటివాళ్ళ మీద 1,000, ఊళ్ళోవాళ్ళ మీద 950, పిల్లల మీద 200. స్థిర ఖర్చుల కొండని తవ్వేది ఈ మిగులే, టికెట్ రేటు కాదు.

ఈ మిగులు అంకె చేతిలో ఉంటే కమిటీలో వాదనలు తొందరగా తెగుతాయి. "హైదరాబాదు నుంచి ఇంకొకాయన్ని పిలుద్దాం, ఏముంది, మూడు వేలే కదా" అంటారు. మూడు రాత్రుల గది 5,670, రైలు 3,000, పారితోషికం 3,000, కారు 1,500, శాలువా 700, తిండి 1,200. పదిహేను వేలు దాటింది. ఊళ్ళో ఇంకో పదహారు టికెట్లు అమ్మితేనే ఆయన వస్తాడు. ఆయన్ని చూసి పదహారు మంది కొంటారా? కొంటారనుకుంటే పిలవండి.

మూడో రోజు గండికోటకి బస్సు పెడదామన్న మాట కూడా ఎప్పుడూ వస్తుంది. పెట్టండి, కానీ దాన్ని ఈ లెక్కలో కలపకండి. యాభై సీట్ల బస్సుకి యాభై ఒకటో మనిషి రాగానే రెండో బస్సు కావాలి. విడి టికెట్, విడి పద్దు, బస్సు నిండాక అమ్మకం బంద్.

ఆ ఒక్క అంకె

ఇప్పుడు మొదటి ఫోను దగ్గరికి వద్దాం. 200 అనుకున్నచోట 150 టికెట్లే అమ్ముడుపోయాయనుకోండి. బయటివాళ్ళు 52, ఊళ్ళోవాళ్ళు 68, పిల్లలు 30. పోయిన మిగులు లెక్కిస్తే 18,000, 20,900, 2,000. మొత్తం 40,900. అనుకోని ఖర్చులకి పెట్టిన 60,000లో ఇది ఇమిడిపోతుంది. పాతిక శాతం జనం తగ్గినా సంఘం మునగలేదు.

కానీ ఇది నిజం కావాలంటే ఒక షరతు ఉంది. రాని యాభై మంది తిండికి, సంచీలకి డబ్బు కట్టకుండా ఉండాలి. రెండు నెలల ముందు ఉత్సాహంలో కేటరింగ్ ఆయనకి "రెండొందల నలభై ఐదు, రాసుకో" అని గ్యారంటీ ఇచ్చేసి, సంచీలు కూడా అన్నీ కుట్టించేసి ఉంటే మనం పోగొట్టుకున్నది మిగులు కాదు, మొత్తం టికెట్ డబ్బు. 41,400, 38,500, 10,000, కలిపి 89,900. కేటాయించిన 60,000 పోగా ఇంకో 29,900 చేతి నుంచి పడుతుంది. జనం అంతే, హాలు అదే, వక్తలు వాళ్ళే. గ్యారంటీ అంకె చెప్పిన తేదీ ఒక్కటే మారింది.

కాబట్టి కేటరింగ్ ఒప్పందంలో రేటు మీద పది రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడేకంటే ఈ షరతు రాయించుకోవడం మేలు. గ్యారంటీ అంకె మూడు రోజుల ముందు చెప్తాం, అది పూటకొకటి వేరుగా ఉంటుంది, దాని మీద పది శాతం దాకా ఎక్కువ వస్తే అదే రేటుకి పెట్టాలి. ఎప్పుడూ తక్కువ చెప్పి పెంచుకునే వీలుండాలి. ఎక్కువ చెప్పి తగ్గించమంటే సరుకు తెచ్చేశానంటాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. పది మంది ఎక్కువొస్తే అన్నం, పప్పు కాసేపట్లో ఇంకో గిన్నె దించొచ్చు. ఓళిగలు మాత్రం చివరి బంతికి అందవు, ఆ మాట పడాలి.

పూటకొక అంకె అన్నది ఎందుకంటే మూడు రోజుల సదస్సులో ఏ రెండు పూటలకీ తినేవాళ్ళు ఒకేలా ఉండరు. టికెట్లన్నీ అమ్ముడుపోయాయనే అనుకుందాం. మొదటి రోజు టిఫినుకి లెక్క ప్రకారం 70 మంది బయటివాళ్ళు, 45 మంది మనవాళ్ళు, 115. కానీ పొద్దున రైళ్ళు ఆలస్యం, కొందరు బస్సు దిగి నేరుగా హోటల్‌కి వెళ్ళి కారం దోసె తినేస్తారు. ఎనభై చెప్తే చాలు. మధ్యాహ్న భోజనం లెక్కకి 245. డబ్బు కట్టినవాళ్ళలో కూడా పదో వంతు రారు, అది మామూలే. మొదటి రోజు 215, రెండో రోజు శనివారం కాబట్టి 225. మూడో రోజు మధ్యాహ్నానికి బయటివాళ్ళు రైళ్ళకి సర్దుకుంటారు, ఊళ్ళోవాళ్ళు ఆదివారం ఇంట్లో కూర వండుకుంటారు, 180. మూడు పూటలు కలిపి 735 చెప్పాల్సిన చోట 620 చెప్పాం. 115 ప్లేట్లు, పన్నుతో దాదాపు 21,700 మిగిలింది. వక్తల రానూపోనూ రైలు ఖర్చులో ఎక్కువ భాగం దీంతోనే వచ్చేసినట్టు.

ఇది కుదరాలంటే టికెట్ల అమ్మకం గ్యారంటీకి ముందే ఆగాలి. ఐదు రోజుల ముందు అమ్మకం ఆపేయండి. అక్కడికక్కడ వచ్చేవాళ్ళకి భోజనం లేని టికెట్ పెట్టండి, తింటామంటే కూపన్ విడిగా కొనుక్కుంటారు. మొదట్లో ఈ మాటకి కమిటీలో పెద్దలు నొచ్చుకుంటారు. "ఇంటికొచ్చినోళ్ళకి అన్నం పెట్టమా?" అంటారు. పెడతాం. కేటరింగ్ ఒప్పందంలో ఆ పది శాతం ఉన్నది అందుకే.

కూపన్ అన్నాను కదా, దాని సంగతి చెప్పాలి. మొదటిసారి మేం కూపన్లు పెట్టలేదు, బ్యాడ్జీ చూసి పంపించాం. మొదటి రోజు రాత్రి కేటరింగ్ మనిషి చీటీ తెచ్చాడు, మధ్యాహ్నం 276 ప్లేట్లు అని. హాల్లో తలలు లెక్కపెట్టినవాళ్ళు 245కి మించి లేరని చెప్పారు. ముప్పై ఒక్క ప్లేట్లు తేడా, పన్నుతో 5,859 రూపాయలు. చేతులు కడుక్కునే చోట నీలం టబ్బుల్లో పడి ఉన్న ప్లేట్లని నేనూ ఆయనా పదేసి చొప్పున దొంతర్లు పెట్టి లెక్కపెట్టాం. నిజంగానే 276 ఉన్నాయి. ఆయన అబద్ధం చెప్పలేదు. మనవాళ్ళే సంకటి తిన్న ప్లేటు పక్కన పెట్టి పెరుగన్నానికి కొత్త ప్లేటు తీసుకున్నారు. ప్లేటు రేటు అంటే మనిషి రేటు అని మనం అనుకుంటాం, ఆయనకి ప్లేటంటే ప్లేటే. ఆ రాత్రే అట్టముక్కల మీద పూట పేరు రాసి కూపన్లు చేశాం, బిల్లు కూపన్ల లెక్కన అని ఇద్దరం సంతకం పెట్టుకున్నాం. రెండో రోజు నుంచి గొడవ లేదు. ఇప్పుడు ఒప్పందంలోనే రాయిస్తాను.

అనుకోనివి, అనుకున్నా రానివి

అనుకోని ఖర్చులకి పది శాతం అని అందరూ వేస్తారు, ఎందుకు పది అంటే చెప్పలేరు. నేను శాతం తర్వాత చూస్తాను, ముందు ఏవేవి జరగొచ్చో రాస్తాను. జనం పాతిక శాతం తగ్గితే 40,900. కరెంటు రోజంతా పోతే అదనపు డీజిల్ 8,000. ఒక వక్త రైలు తప్పి తిరుపతి విమానాశ్రయం నుంచి కారులో రావాల్సొస్తే 7,000. మొత్తం 55,900. మనం పెట్టుకున్నది 60,000, సరిపోయింది. సరిపోకపోతే శాతాన్ని పెంచాలి, లేదా ఆ ప్రమాదాన్ని తగ్గించాలి. ఈ డబ్బుకి ఒకటే కట్టుబాటు. కొత్త ఆలోచనలకి అది వాడకూడదు. సదస్సు బాగా జరుగుతుంటే రెండో రోజు మధ్యాహ్నం ఎవరో ఒకరు "వలంటీర్లందరికీ టీషర్టులు" అంటారు. మంచి మాటే. కానీ మూడో రోజు ఇంకా మిగిలే ఉంది.

చందా మాట వేరు. పైన రాసుకున్న మూడు లక్షల్లో ఒక లక్ష ఒకే మనిషి ఇస్తానన్నాడనుకోండి. ఆయన వెనక్కి తగ్గితే ఏ పది శాతమూ కాపాడదు. అలాంటిదాన్ని అనుకోని ఖర్చుల్లో దాచుకోలేం, దానికి కోత జాబితా ముందే రాసుకోవాలి. ఫలానా తేదీకి లక్ష చేతికి రాకపోతే సంచీలు లేవు, జ్ఞాపికలు లేవు, రికార్డింగ్ లేదు, ముగ్గురు వక్తలు ఆన్‌లైన్‌లో మాట్లాడతారు. ఆ జాబితా ప్రశాంతంగా ఉన్నప్పుడు రాస్తే సబబుగా ఉంటుంది. ఆఖరి వారంలో కోస్తే భోజనం మీద పడుతుంది, అది అందరి కంటా పడుతుంది. నా పద్దులో "ఇస్తానన్నారు", "ఇచ్చారు" అని రెండు గళ్ళుంటాయి, మొత్తం కూడేది రెండో గడే. ఇచ్చేవాళ్ళు పన్ను మినహాయింపు రశీదు అడుగుతారు. సంఘానికి ఆ గుర్తింపు ఉన్నా, రెండు వేలకి మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు. అది ముందే చెప్పి బ్యాంకు ద్వారానే తీసుకోండి.

ఇంకొక చిక్కు లెక్కలో కనిపించదు. మొత్తం సరిగ్గా కుదిరినా డబ్బు వచ్చే రోజు, పోయే రోజు వేరు. నలభై ఐదు రోజుల ముందు ఎక్కడ ఉంటామో చూడండి. హాలుకి సగం అడ్వాన్సు 62,000, తిరిగొచ్చే డిపాజిట్ 25,000, కేటరింగ్ అడ్వాన్సు 40,000, వక్తల రైలు 24,000, గదులకి 15,000, అచ్చుకి 10,000. మొత్తం 1,76,000 పోయింది. వచ్చింది? మన జనం టికెట్లు ఆఖరి రెండు వారాల్లోనే కొంటారు. నలభై టికెట్లకి 80,000, చందా 50,000. 46,000 కోశాధికారి జేబులోంచి, లేదా ఆయన భార్య మాటలు పడి ఇంట్లోంచి వస్తుంది. ముందు కొన్నవాళ్ళకి రెండు వందలు తగ్గించడం ఈ గుంటని పూడ్చడానికే. ఆ తగ్గింపుని ఆఖరి వారం దాకా పొడిగించే కమిటీలున్నాయి. అలా చేస్తే తగ్గింపూ పోతుంది, గుంటా ఉంటుంది. నలభై మందికిచ్చే ఎనిమిది వేల తగ్గింపుని కూడా రాబడిలోంచి ముందే తీసి రాసుకోండి.

చివర్లో డిపాజిట్. 25,000 మొత్తం తిరిగొచ్చిన సదస్సు నేను చూడలేదు. విరిగిన కుర్చీలు, గోడకి టేపు మరకలు, స్టేజీ కార్పెట్ మీద కాఫీ, అన్నిటికీ ఓనరు దగ్గర రేటుంటుంది, వాటికి ఒప్పుకోక తప్పదు. కానీ కరెంటు దగ్గర మాత్రం ముందురోజు సాయంత్రం తాళాలు తీసుకున్న నిమిషంలోనే మీటరు ఫోటో తీసి ఆయనకి వాట్సాప్‌లో పంపండి. ధనుర్మాసంలో మనకి ముందు పెళ్ళి జరిగి ఉండదు నిజమే. కానీ అంతకుముందు నెలలో జరిగిన ఆఖరి పెళ్ళి ఏసీ యూనిట్లు ఇంకా ఆ మీటరులోనే ఉండొచ్చు.